మసకగా, నీడగా, వంకరగా వచ్చిన లెక్క ఫొటోను ఎలా చదవాలి, ఎప్పుడు మళ్లీ తీయమనాలి

ట్యూషన్ చెప్పేవాళ్లకి, ఇంట్లో పిల్లల లెక్కలు చూసేవాళ్లకి, ఊరికి దూరంగా ఉన్న తమ్ముడికో చెల్లికో వాట్సాప్‌లో సాయం చేసేవాళ్లకి రోజూ ఎదురయ్యేదే ఇది. రాత్రి తొమ్మిదింటికి "సార్, ఈ లెక్క రావట్లేదు" అని ఫొటో వస్తుంది. పేజీ పక్కకి వాలి ఉంటుంది, సగం మీద ఫోన్ నీడ, అక్షరాలు చెదిరి ఉంటాయి. వెంటనే "మళ్లీ తియ్యి" అంటే అటువైపు నుంచి అలాంటిదే ఇంకొకటి వస్తుంది. ఉన్నదాంతో సర్దుకుందామని ఊహించి చదివితే ఒక మైనస్ ప్లస్ అయిపోయి అరగంట వృథా.

మామూలు వాక్యంలో ఒక అక్షరం పోయినా చుట్టూ ఉన్న మాటలు దాన్ని పట్టిస్తాయి. లెక్కలో ఆ ఆసరా చాలా తక్కువ. x² బదులు x³ అని చదివినా అదీ లెక్కే, కాకపోతే వేరే లెక్క. అందుకే ఫొటో అందంగా ఉందా లేదా అన్నది మనకి పట్టదు. ప్రతి గుర్తునూ ఒకే ఒక్క రకంగా చదవగలుగుతున్నామా అన్నదే చూడాలి. కింద చెప్పే వరసలో వెళితే చాలా ఫొటోలు నిలబడతాయి, నిలబడనివి త్వరగా తేలిపోతాయి.

ముందు ఫొటోను పూర్తిగా డౌన్‌లోడ్ చేసి, పెద్దది చేసి చూడండి

చాట్‌లో కనిపించే చిన్న బొమ్మ చూసి తీర్పు ఇవ్వకండి. తెరిచి, లెక్క ఉన్న చోటికి జూమ్ చేసి, అన్నిటికంటే చిన్న గుర్తును వెతకండి. అది ఘాతం కావచ్చు, దశాంశ బిందువు కావచ్చు, సమాకలని అవధి కావచ్చు. ఫొటో పనికొస్తుందో లేదో ఆ చిన్న గుర్తే చెబుతుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి. వాట్సాప్ మామూలు క్వాలిటీలో పంపితే ఫొటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. ఎ4 పేజీ పొడవు 29.7 సెంటీమీటర్లు. పేజీ మొత్తం ఫ్రేములో ఉంటే సెంటీమీటరుకి 54 పిక్సెళ్లు పడతాయి. అచ్చులో ఘాతం ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుంటే దానికి దక్కేది 8 పిక్సెళ్లు. అందులో 2కీ 3కీ తేడా చూపించాల్సింది రెండు మూడు పిక్సెళ్లు. కుదింపు వాటినీ కొంత చెరిపేస్తుంది. అదే ఫొటోలో పది సెంటీమీటర్ల వెడల్పున్న ఒక్క లెక్కే నిండుగా ఉంటే సెంటీమీటరుకి 160 పిక్సెళ్లు, ఘాతానికి 24. అప్పుడు కాస్త చెయ్యి వణికినా చదవొచ్చు.

కాబట్టి మసక అంతా కెమెరా తప్పు కాదు. పంపిన పిల్లాడి ఫోన్లో శుభ్రంగా ఉన్న ఫొటో మీ దగ్గరికి వచ్చేసరికి పాడై ఉండొచ్చు. పేజీ మొత్తం ఉన్న ఫొటో సమంగా మసకగా ఉండి, పెద్ద అక్షరాలు బాగుండి చిన్నవి మాత్రమే కలిసిపోతే ముందు దీన్నే అనుమానించండి. మళ్లీ తీయమనక్కర్లేదు, అదే ఫొటోను హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపమంటే సరిపోతుంది. వాళ్లకి కూడా అది ఇంకెవరో ఫార్వర్డ్ చేసినదే అయితే లాభం లేదు, అసలు తీసినవాళ్ల దగ్గర నుంచి రావాలి.

వంకర: భయపడాల్సింది అన్నిటికంటే తక్కువ

పేజీ తిరగబడి ఉంటే తిప్పుకుంటాం. పక్క నుంచి తీసినందువల్ల పై అంచు చిన్నదిగా, కింది అంచు పెద్దదిగా కనిపిస్తే స్కానర్ యాప్‌లోకి ఆ ఫొటోను తెచ్చుకుని పేజీ నాలుగు మూలల్నీ నాలుగు చుక్కలతో పట్టిస్తే చాలు, యాప్ దాన్ని దీర్ఘచతురస్రంగా సాగదీస్తుంది. చదునైన కాగితం ఏ కోణంలో కనిపించినా ఆ మార్పునంతా ఎనిమిది సంఖ్యల్లో చెప్పొచ్చు. ఒక్కో మూల రెండు నిరూపకాలు ఇస్తుంది, నాలుగు మూలలకి ఎనిమిది. అందుకే నాలుగు చుక్కలు సరిపోతాయి. ఒక మూల ఫ్రేము దాటి బయట ఉంటే లెక్క చుట్టూ గీసిన పెట్టెనో, పట్టిక మూలల్నో వాడుకోవచ్చు.

ఒక్క బీజగణిత సమీకరణమే ఉంటే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, వాలుగా ఉన్నా చదివేయొచ్చు. వంకర నిజంగా ముంచేది రెండు చోట్ల.

మొదటిది గ్రాఫు. పక్క నుంచి తీసిన ఫొటోలో సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది గానీ సమాంతర రేఖలు సమాంతరంగా ఉండవు, మధ్యబిందువు మధ్యలో ఉండదు. ఓజీవ్ వక్రం మీద నుంచి మధ్యగతం చదవాలనుకోండి. తెర మీద నిట్టనిలువుగా వేలు దించితే తప్పు విలువ వస్తుంది. గ్రాఫు కాగితం మీద ఉన్న నిలువు గీతనే పట్టుకుని, అది ఎంత వాలితే అంత వాలుతూ అక్షం దాకా దిగాలి. దూరం కొలవకూడదు, గళ్లు లెక్కపెట్టాలి. జ్యామితి పటాల్లోనూ అంతే. వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తుంది, లంబకోణం లంబకోణంలా ఉండదు. మూలలో ఆ చిన్న చతురస్రం గుర్తు ఉందా లేదా అన్నదే సాక్ష్యం.

రెండోది లావు గైడు. బైండింగు దగ్గర పేజీ లోపలికి వంగుతుంది. నాలుగు మూలల పద్ధతి చదునైన కాగితానికే పనిచేస్తుంది, ఈ వంపును సరిచేయలేదు. ఎడమ పేజీలో ప్రతి లైను చివర ఆ లోయలోకే పోతుంది. సమీకరణంలో చివరి స్థిరపదం ఉండేది సరిగ్గా అక్కడే. అక్కడ అంకెలు నొక్కుకుపోయి 8, 3, 1 అన్నీ ఒకేలా సన్నగా కనిపిస్తుంటే సాగదీసి లాభం లేదు, పుస్తకాన్ని అరచేత్తో అదిమి ఇంకో ఫొటో తీయాల్సిందే.

నీడ తీరుతుంది, మెరుపు తీరదు

నీడ పడినచోట కాగితం, సిరా రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో, వెలుతురులో కాగితం విలువ 200, సిరా 60 ఉన్నాయనుకోండి. నీడలో ఆ విలువలు నాలుగో వంతుకి పడితే 50, 15 అవుతాయి. నిష్పత్తి మాత్రం అక్కడా 0.3, ఇక్కడా 0.3. కాబట్టి ప్రతి చోటా చుట్టుపక్కల కాగితం ఎంత వెలుగుందో అంచనా వేసి దాంతో భాగిస్తే నీడ పోయి సిరా మిగులుతుంది. స్కానర్ యాప్‌లు నీడ తీసేసేది దాదాపు ఇదే కిటుకుతో. కంప్యూటర్‌లో ఫొటోలు సరిచేసే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఒక్క లైను కమాండ్‌తో అయిపోతుంది:

```
magick in.jpg -auto-orient -colorspace Gray "(" +clone -blur 0x40 ")" -compose Divide_Src -composite out.png
```

ఇందులో 40 అన్నది ఎంత దూరం దాకా కలిపి మసక చేయాలో చెప్పే సంఖ్య. అక్షరాల గీతల మందం కంటే బాగా ఎక్కువగా, నీడ వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. 1600 పిక్సెళ్ల ఫొటోకి 40తో మొదలుపెట్టి చూడొచ్చు.

దీంతో రెండు చిక్కులున్నాయి. నీడ అంచు పదునుగా ఉంటే భాగించాక ఆ అంచు వెంట సన్నటి గీత మిగులుతుంది. అది లెక్క మధ్యలోంచి పోతే భిన్న గీతలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఆ గీత ఎక్కడిదాకా పోతోందో చూడండి. భిన్న గీత లవం, హారం వెడల్పుతో ఆగిపోతుంది. నీడ అంచు లెక్క దాటి మార్జిన్‌లోకి సాగిపోతుంది. రెండో చిక్కు "షేడ్ చేసిన భాగం వైశాల్యం కనుగొనండి" అనే లెక్కలతో. ఆ రంగు నింపిన భాగాన్ని కూడా నీడే అనుకుని తుడిచేస్తుంది, అంచులు మాత్రమే మిగులుతాయి. అందుకే సరిచేసిన ఫొటో పక్కన అసలు ఫొటోను కూడా తెరిచి ఉంచుకోండి. స్కానర్ యాప్‌లో పూర్తి నలుపు తెలుపు ఫిల్టర్ వద్దు, గ్రే గానీ కలర్ గానీ పెట్టుకోండి. నలుపు తెలుపులో పలచటి పెన్సిల్ గీత, దశాంశ బిందువు మొదట ఎగిరిపోయేవి.

నీడ మరీ గాఢమైతే? చీకటిగా ఉన్న చోటికి జూమ్ చేసి వెలుగు పెంచండి. అక్షరాల ఆకారం లేస్తే బతికింది. సిరా, కాగితం రెండూ ఒకే నల్లటి ముద్దగా, లేదా ఇసక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా లేస్తే అక్కడ ఏమీ లేదు. పెన్సిల్‌తో రాసినది పెన్నుతో రాసినదానికంటే చాలా ముందే ఈ స్థితికి వస్తుంది.

ఫ్లాష్ మెరుపుది వేరే కథ. నున్నటి కాగితం మీద ఫ్లాష్ పడి తెల్లటి మచ్చ వచ్చిందంటే అక్కడ కాగితం 255, సిరా 255. నిష్పత్తి 1. దేన్ని దేంతో భాగించినా అక్కడి అంకె తిరిగి రాదు. మచ్చ కింద లెక్కలో ఒక్క గుర్తు ఉన్నా మళ్లీ తీయమనండి, ఎడిటింగుతో కుస్తీ పట్టకండి.

మసక: చుక్కను చూడండి, సమాన గుర్తును చూడండి

మసకలో రెండు రకాలు. ఏ రకమో తెలుసుకోవడానికి లైను చివర ఫుల్‌స్టాప్‌నో, ఇంకేదైనా చుక్కనో పెద్దది చేసి చూడండి. చుక్క గుండ్రంగా ఉబ్బి మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. చుక్క చిన్న గీతలా సాగి ఉంటే చెయ్యి కదిలింది. ఆ గీత ఎటు సాగిందో అటే కదిలింది, ఎంత సాగిందో అంత కదిలింది.

ఈ దిక్కు తెలిస్తే దేన్ని నమ్మొచ్చో తెలుస్తుంది. చెయ్యి అడ్డంగా కదిలితే అడ్డగీతలు తమ మీదే సాగుతాయి కాబట్టి మైనస్, భిన్న గీత, సమాన గుర్తు దాదాపు చెక్కుచెదరవు. పాడయ్యేవి నిలువు గీతలు. 1 పలచబడి మాయమవుతుంది, ప్లస్‌లో నిలువు గీత కరిగి మైనస్‌లా కనిపించొచ్చు, 3లో ఎడమవైపు ఖాళీ పూడిపోయి 8 అవుతుంది. నిలువుగా కదిలితే దీనికి తలకిందులు. సన్నటి మైనస్ బూడిదరంగు మరకగా మారి కాగితంలో కలిసిపోతుంది. నాకైతే ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే పోయిన మైనస్ "పోయాను" అని చెప్పదు.

దానికి కొలబద్ద లెక్కలోనే ఉంటుంది, అదే సమాన గుర్తు. దాని రెండు గీతలూ విడివిడిగా కనిపిస్తుంటే నిలువు మసక ఆ సందు కంటే తక్కువన్నమాట, ఆ లైనులో అచ్చయిన మైనస్‌లను నమ్మొచ్చు. రెండూ కలిసి ఒకే లావు గీత అయిపోతే ఏ గుర్తునూ నమ్మకండి. అయితే ఈ పరీక్ష పెద్ద గుర్తులకే. ఘాతంలో ఉన్న మైనస్ ఇంకా చిన్నది, దానికి ఇది హామీ కాదు.

షార్ప్‌నెస్ పెంచే బటన్ గురించి ఒక మాట. కొద్దిగా మెత్తబడిన అంచుల్ని అది పదును చేస్తుంది. అంతకు మించి పెంచితే గీతల పక్కన లేని తెల్ల చారలు, చారల పక్కన మళ్లీ నల్ల చారలు పుట్టుకొస్తాయి. అలా పుట్టిన చుక్కను దశాంశ బిందువు అనుకునే ప్రమాదముంది. షార్ప్ చేశాకే కనిపించి అసలు ఫొటోలో జాడైనా లేని గుర్తును లెక్కలోకి తీసుకోవద్దు.

అనుమానం వచ్చిన గుర్తును లెక్కతోనే నిలదీయండి

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్కను మీ చేత్తో రాయండి. అనుమానం ఉన్న ప్రతి చోటా ఒక గడి గీసి, అందులో ఏమేం ఉండొచ్చో రాసుకోండి. ఒక పదో తరగతి లెక్క చూద్దాం:

2x² − 7x + □ = 0 మూలాలను కారణాంక పద్ధతిలో కనుగొనండి.

చుక్క అడ్డంగా సాగి ఉంది, సమాన గుర్తు రెండు గీతలుగా శుభ్రంగా ఉంది. కాబట్టి మైనస్ మైనస్సే. 7 తర్వాత ఉన్న గుర్తులో నిలువు గీత పలచగానైనా ఉంది, అది ప్లస్. గడిలో అంకె కుడివైపు రెండు బొజ్జలతో ఉంది, ఎడమవైపు పూడి ఉంది. చూపు చెబుతున్నది 3 లేదా 8.

విచక్షణి 49 − 8c. గడిలో 8 పెడితే 49 − 64 = −15, వాస్తవ మూలాలే లేవు, కారణాంక పద్ధతిలో చేయమని అడగరు. 3 పెడితే 49 − 24 = 25, ఖచ్చిత వర్గం. మూలాలు 3, 1/2. కాబట్టి అంకె 3.

ఇందులో ఒక మెలిక ఉంది. 5 పెట్టినా 49 − 40 = 9 వస్తుంది, మూలాలు 5/2, 1. 6 పెట్టినా 49 − 48 = 1, మూలాలు 2, 3/2. అంటే "లెక్క చక్కగా తెగింది కాబట్టి నేను చదివింది కరెక్టే" అనడానికి లేదు. లెక్క 3, 5, 6 మూడింటినీ ఒప్పుకుంది. చూపు 3, 8 అంది. రెండు జాబితాల్లోనూ ఉన్నది 3 ఒక్కటే కాబట్టి తేలింది. చూపు ఇచ్చిన జాబితాను ముందే రాసిపెట్టుకోవడం ఎందుకంటే ఇందుకే. ముందు లెక్క చేసి తర్వాత ఫొటో చూస్తే కళ్లకి మనం కోరుకున్న అంకే కనిపిస్తుంది. ప్రశ్నను కూడా సరిగ్గా చదవాలి. అది "మూలాల స్వభావం తెలపండి" అయ్యుంటే −15 కూడా సరైన జవాబే, 8 మళ్లీ బరిలోకి వచ్చేస్తుంది.

ఇంకో లెక్క. 3, 8, 13, …, 25□ అనే అంకశ్రేఢిలో చివరి నుంచి 20వ పదం ఎంత? ఇక్కడా చూపు 3 లేదా 8 అంటోంది. సామాన్య భేదం 5, మొదటి పదం 3, కాబట్టి ప్రతి పదం చివర 3 గానీ 8 గానీ ఉంటుంది. 253 అయితే జవాబు 253 − 95 = 158. 258 అయితే 163. రెండూ నిఖార్సయిన జవాబులే. ఫొటోలో ఏవి కలిసిపోయాయో సరిగ్గా వాటినే లెక్క కూడా విడదీయలేకపోతోంది.

ఇలాంటప్పుడు ఆఖరి ప్రయత్నంగా అదే ఫొటోలో మీకు ఖాయంగా తెలిసిన 3ని, 8ని వెతకండి. ఈ శ్రేఢి మొదట్లోనే 3, 8, 13 ఉన్నాయి. వాటిని గడిలోని అంకె పక్కన పెట్టి చూడండి. అదే అచ్చు, అదే వణుకు కాబట్టి ఏది 3కి దగ్గరగా ఉందో చాలాసార్లు తెలిసిపోతుంది. ప్రశ్నల నంబర్లు, పేజీ నంబరు కూడా ఇందుకు పనికొస్తాయి. కాకపోతే అవి అదే సైజులో, ఫొటోలో దగ్గర్లోనే ఉండాలి. లైను చివర లోయలో పడ్డ అంకెను లైను మొదట్లో ఉన్న అంకెతో పోల్చి లాభం లేదు.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఆప్షన్లు చూసి వెనక్కి లాగొచ్చు కదా అంటారు. కొంతవరకే. తప్పుగా చదివినా, గుర్తు మర్చిపోయినా వచ్చే జవాబుల్ని ఆప్షన్లలో కావాలనే పెడతారు. మీరు అనుకున్న రెండు అంకెల్లో ఒకదానికే ఆప్షన్ ఉంటే మంచిదే, రెండింటికీ ఉంటే ఆప్షన్లు ఏమీ తేల్చలేదన్నట్టే.

మళ్లీ తీయమనే ముందు ఒక ప్రశ్న, ఆ తర్వాతే ఫొటో

అనుమానం ఒకటి రెండు గుర్తుల మీదే అయితే ఫొటో అడగొద్దు, గుర్తును అడగండి. "నాన్నా, రెండో లైన్లో 25 పక్కన అంకె 3 ఆ, 8 ఆ? టైప్ చెయ్యి చాలు" అంటే అరనిమిషంలో తేలుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో లెక్క అయితే పాఠం పేరు, అభ్యాసం నంబరు, లెక్క నంబరు అడిగి మీ పుస్తకంలో చూసుకోండి. ఏ సంవత్సరం ముద్రణో కూడా కనుక్కోండి, పుస్తకం మారితే నంబర్లు మారిపోతాయి.

మెరుపు మచ్చ కింద లెక్క ఉన్నా, లైను చివర బైండింగులో మునిగినా, సమాన గుర్తు ఒకే గీత అయిపోయినా, అనుమానపు గడులు మూడుకి చేరినా ఇంక ఆలోచించకండి. మూడు గడులకి రెండేసి అవకాశాలంటే ఎనిమిది లెక్కలు, అన్నీ చేసి చూసేంత తీరిక ఎవరికీ లేదు. కంప్యూటర్ తెర మీద మాక్ టెస్టును ఫోన్‌తో తీసి ఆ ఇంద్రధనుస్సు చారలతో పంపినా అంతే, స్క్రీన్‌షాట్ అడగండి.

"సరిగ్గా తియ్యి" అంటే వాళ్లకి ఏమీ తెలియదు. ఏం పాడైందో దానికి తగ్గట్టు చెప్పాలి. నీడ పడిందంటే ఫోన్ కాగితానికి మరీ దగ్గరగా, లైటుకి అడ్డంగా ఉందన్నమాట. ఫోన్‌ను ఒక మూర పైకి ఎత్తి 2x జూమ్ పెట్టమనండి, ఫ్లాష్ ఆపి లైటు పక్క నుంచి పడేలా కూర్చోమనండి. దూరం పెంచడం వల్ల ఫోకస్ కూడా కుదురుతుంది, మరీ దగ్గరికి పోతే చాలా ఫోన్లు ఫోకస్ పట్టలేవు. చెయ్యి వణికిందంటే రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, టైమర్ పెట్టి తీయమనండి. బటన్ నొక్కేటప్పుడు వచ్చే కదలిక దాంతో పోతుంది. అంతా సమంగా పొగమంచులా ఉంటే లెన్సు మీద వేలిముద్ర అయ్యుంటుంది, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. కాగితం పలచగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనిపిస్తుంటే కింద నల్లటి కాగితం పెట్టమనండి.

చాట్‌లో పంపడానికి ఇలా రాసిపెట్టుకోవచ్చు: "ఒక్క లెక్కే ఫ్రేము నిండా రావాలి. పేజీని చేత్తో చదునుగా అదిమి, ఫోన్ సరిగ్గా పైన పట్టుకో. ఫ్లాష్ వద్దు. లెక్క మీద ఒకసారి తాకి ఫోకస్ అయ్యాక తియ్యి. తీశాక అన్నిటికంటే చిన్న అంకెను జూమ్ చేసి చూడు, పుస్తకం చూడకుండా నువ్వు చదవగలిగితే హెచ్‌డీలో పంపు."